బాణాలన్నీ ఒకే వైపు తిరిగిన పాల ప్యాకెట్ల మ్యాప్

ప్రశ్న: నల్గొండలో ఎంబీఏ చదువుతున్నాను. మార్కెటింగ్ అసైన్‌మెంట్ కోసం అయిదు పాల ప్యాకెట్ బ్రాండ్ల మీద 64 మందిని అడిగాను. చిక్కదనం, కల్తీ లేదన్న నమ్మకం, ధర గిట్టుబాటు, దగ్గర్లో దొరకడం, వీటికి 1 నుంచి 7 దాకా మార్కులు వేయించాను. ట బ్రాండుకు మాత్రం 14 మందే వేశారు. సగటులు కింద ఇచ్చాను, బ్రాండ్ల పేర్లు తీసేశాను. మిత్రుడు పీసీఏ, అంటే ఎక్కువ నిలువుల అంకెలను రెండు మూడు అక్షాల్లోకి కుదించే లెక్క, చేసి బ్రాండ్లు చుక్కలుగా, లక్షణాలు బాణాలుగా మ్యాప్ గీసిచ్చాడు. బ్రాండ్ల మధ్య తేడాల్లో 87 శాతం ఆ రెండు అక్షాల్లోనే వచ్చింది. కానీ నాలుగు బాణాలూ కుడివైపే ఉన్నాయి. "ఈ అడ్డ అక్షం పేరేమిటి?" అని సార్ అడిగితే నోరు పెగల్లేదు. ఎక్కడ తప్పు చేశాను?

| బ్రాండ్ | చిక్కదనం | నమ్మకం | ధర | దొరకడం |
|---|---|---|---|---|
| క | 5.8 | 5.4 | 3.9 | 3.7 |
| గ | 4.1 | 4.3 | 2.4 | 4.0 |
| చ | 5.3 | 6.3 | 4.8 | 6.4 |
| ట | 2.9 | 3.9 | 3.6 | 4.4 |
| ప | 4.4 | 3.6 | 5.3 | 5.5 |

సమాధానం:

మీ మిత్రుడు లెక్క తప్పు చేయలేదు. ఆ అక్షానికి పేరు కూడా ఉంది, కాకపోతే సార్‌కు చెప్పుకోదగ్గ పేరు కాదు. అది "మొత్తం మీద ఎవరికి ఎక్కువ మార్కులు పడ్డాయి" అనే అక్షం, అంతే.

నమ్మకం కుదరకపోతే కాగితం మీద చూడండి. ఒక్కో బ్రాండుకు నాలుగు అంకెల సగటు తీయండి. క 4.7, గ 3.7, చ 5.7, ట 3.7, ప 4.7 వస్తాయి. వీటన్నిటి సగటు 4.5. ఒక్కోదాంట్లోంచి 4.5 తీసేసి రెట్టింపు చేస్తే 0.4, −1.6, 2.4, −1.6, 0.4. మీ మిత్రుడి మ్యాప్‌లో అడ్డ అక్షం మీద ఈ అయిదు బ్రాండ్లు సరిగ్గా ఈ అంకెల దగ్గరే ఉండాలి. ఎడమ కుడి తారుమారై మైనస్ ప్లస్ మారితే కంగారు పడకండి, కంప్యూటర్ ఇష్టం అది. పీసీఏ అంత శ్రమపడి మీకు చెప్పిన మొదటి సంగతి, చ బ్రాండుకు అన్నిట్లో మంచి మార్కులు పడ్డాయని, గ, ట బ్రాండ్లకు అన్నిట్లో తక్కువ పడ్డాయని. ఆ సంగతి పట్టిక చూస్తేనే తెలుస్తుంది. మ్యాప్ ఎందుకు?

ఆ 87 శాతంలో 55 శాతం ఈ ఒక్క అక్షానిదే. శాతం పెద్దగా ఉంది కాబట్టి మ్యాప్ బాగుందనుకోవడం విద్యార్థులే కాదు, ఉద్యోగంలో చేరినవాళ్లు కూడా చేసే పొరపాటు. నేనూ చేశాను. మార్కెట్ రీసెర్చ్‌లో చేరిన మొదటి ఏడాది బిస్కెట్ల మ్యాప్ ఒకటి గీసి, అడ్డ అక్షానికి "నాణ్యత" అని ధైర్యంగా పేరు పెట్టాను. మా సీనియర్ దాన్ని రెండు నిమిషాలు చూసి, "కుడివైపు ఉన్నవన్నీ ఎక్కువ అమ్ముడుపోయేవి, ఎడమవైపువి అమ్ముడుపోనివి. నాణ్యత ఎక్కడుంది ఇందులో?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అమ్మకాల పట్టికనే చుక్కలుగా మార్చి తెచ్చానని అప్పుడు అర్థమైంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే లెక్క వదిలి మనుషుల దగ్గరికి రావాలి. నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక కిరాణా కొట్లో ఇలాంటి ఫారమే పట్టుకుని కూర్చున్నాను ఒకసారి. ఒకావిడ తను రోజూ తీసుకునే బ్రాండుకు 7, 7, 7, 7 వేసింది. పక్క బ్రాండుకు 3, 3, 3, 3. "ఈ పాలు ఎప్పుడైనా వాడారా అమ్మా?" అని అడిగాను. "లేదు బాబూ. బాగుంటే అందరూ కొనేవాళ్లు కదా" అంది. ఆవిడ తర్కంలో లోపమేమీ లేదు. కానీ ఆ నాలుగు మూళ్లలో చిక్కదనం గురించి గానీ, ధర గురించి గానీ ఒక్క ముక్క సమాచారం లేదు. ఉన్నదల్లా ఒకటే అభిప్రాయం, నాలుగు గళ్లలో నాలుగుసార్లు రాసి ఉంది. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లో, సైనికాధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కుల్లో దీన్ని గమనించి రాశాడు. శరీర దారుఢ్యానికి వేసిన మార్కు, తెలివితేటలకు వేసిన మార్కు, స్వభావానికి వేసిన మార్కు ఉండాల్సిన దానికంటే బాగా కలిసి నడిచాయి. మనిషి నచ్చితే అన్నీ నచ్చాయి. పాల ప్యాకెట్టుకైనా అంతే.

కాబట్టి మీరు చేయాల్సింది, ఆ "మొత్తం మీద నచ్చడం" అనే పొరను ఒలిచేసి, కింద ఏముందో చూడటం. ప్రతి బ్రాండుకూ "నీకు మొత్తం మీద పడ్డ మార్కుల్ని బట్టి చూస్తే, ఈ లక్షణంలో నీకు రావాల్సినదానికంటే ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా?" అనే ప్రశ్న వేయాలి. పొజిషనింగ్ అంటే ఆ ప్రశ్నకు వచ్చే జవాబే.

లెక్క సులువు. గడిలోని అంకెలోంచి ఆ వరుస సగటు తీసేయండి, ఆ నిలువు సగటు కూడా తీసేయండి, రెండుసార్లు తీసినందుకు మొత్తం సగటును ఒకసారి తిరిగి కలపండి. దీన్ని డబుల్ సెంటరింగ్ అంటారు. నిలువు సగటులు మీ పట్టికలో చిక్కదనం 4.5, నమ్మకం 4.7, ధర 4.0, దొరకడం 4.8. క బ్రాండ్ చిక్కదనం గడి తీసుకోండి: 5.8 − 4.7 − 4.5 + 4.5 = 1.1. అదే బ్రాండ్ దొరకడం గడి: 3.7 − 4.7 − 4.8 + 4.5 = −1.3. అంటే క పాలు చిక్కగా ఉంటాయని జనం గట్టిగా అనుకుంటున్నారు, కానీ కొట్టుకెళ్తే దొరకవనీ అంతే గట్టిగా అనుకుంటున్నారు. మొత్తం చేస్తే ఇలా వస్తుంది:

| బ్రాండ్ | చిక్కదనం | నమ్మకం | ధర | దొరకడం |
|---|---|---|---|---|
| క | 1.1 | 0.5 | −0.3 | −1.3 |
| గ | 0.4 | 0.4 | −0.8 | 0.0 |
| చ | −0.4 | 0.4 | −0.4 | 0.4 |
| ట | −0.8 | 0.0 | 0.4 | 0.4 |
| ప | −0.3 | −1.3 | 1.1 | 0.5 |

ప్రతి వరుసా, ప్రతి నిలువూ కలిపితే సున్నా రావాలి. రాకపోతే ఎక్సెల్‌లో ఏదో గడి జారింది, ముందుకు వెళ్లకండి.

ఈ పట్టిక దగ్గర కాసేపు ఆగండి. చ బ్రాండ్ వరుస చూడండి. మొదటి పట్టికలో చిక్కదనానికి దానికి 5.3 ఉంది. అయిదింటిలో రెండో స్థానం. మామూలు మ్యాప్‌లో అది చిక్కటి పాల బ్రాండుగానే కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం −0.4. అన్నిట్లోనూ మంచి మార్కులు తెచ్చుకునే బ్రాండుకు చిక్కదనంలో రావాల్సినన్ని రాలేదు. జనం దాన్ని కొనేది నమ్మకం మీద, వీధి చివర దొరుకుతుందన్న ధీమా మీద. ఆ కంపెనీలో పనిచేసే మేనేజరుకు పనికొచ్చే కబురు ఇది. గ, ట బ్రాండ్లు చూడండి. రెండింటి సగటూ 3.7 కాబట్టి మీ మిత్రుడి మ్యాప్‌లో అడ్డంగా చూస్తే రెండూ ఒకే చోట ఉన్నాయి. నిజానికి వాటి కష్టాలు వేరు. గ పాలు ఖరీదని జనం ఫిర్యాదు, ట పాలు పలచనని ఫిర్యాదు.

ఇక మ్యాప్. ఈ రెండో పట్టికనే పీసీఏకు ఇవ్వాలి. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఇంతే పని:

```r
m <- matrix(c(5.8,5.4,3.9,3.7,
              4.1,4.3,2.4,4.0,
              5.3,6.3,4.8,6.4,
              2.9,3.9,3.6,4.4,
              4.4,3.6,5.3,5.5), nrow=5, byrow=TRUE)
d <- m - rowMeans(m)
d <- sweep(d, 2, colMeans(d))
s <- svd(d)
round(s$d^2 / sum(s$d^2), 3)
xy <- s$u[,1:2] %*% diag(s$d[1:2])
plot(xy, asp=1)
arrows(0, 0, s$v[,1], s$v[,2])
```

ఒక్కో అక్షం వాటా 0.708, 0.248, 0.044, 0 వస్తాయి. నాలుగోది సున్నా ఎందుకంటే వరుస సగటు తీసేసినప్పుడే ఒక దిశ మొత్తం పోయింది. పోయినది ఆ పాత అడ్డ అక్షమే. మిగిలిన దానిలో మొదటి రెండు అక్షాలు దాదాపు 96 శాతం చూపిస్తున్నాయి, కాబట్టి కాగితం మీద రెండు దిశలు చాలు. ఇలా బ్రాండ్లను చుక్కలుగా, లక్షణాలను బాణాలుగా ఒకే బొమ్మలో వేయడాన్ని బైప్లాట్ అంటారు. గాబ్రియల్ అనే గణాంక శాస్త్రవేత్త 1971లో ఆ పద్ధతిని, పేరును ముందుకు తెచ్చాడు.

బ్రాండ్ల స్థానాలు ఇలా ఉంటాయి: క (1.6, 0.8), గ (0.8, −0.4), చ (0, −0.8), ట (−0.8, −0.4), ప (−1.6, 0.8). బాణాలు నాలుగూ నాలుగు మూలలకు పోతాయి. చిక్కదనం కుడి పైకి, నమ్మకం కుడి కిందికి, ధర ఎడమ పైకి, దొరకడం ఎడమ కిందికి. మీ కంప్యూటర్‌లో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తే బ్రాండ్లూ బాణాలూ కలిసే తిరుగుతాయి, అర్థం మారదు. కోడ్‌లోని `asp=1` మాత్రం తీసేయకండి. అది రెండు అక్షాలకూ ఒకే కొలత పెడుతుంది. ఎక్సెల్‌లో గీస్తే చార్టు పేజీకి సరిపోయేలా అడ్డంగా సాగిపోతుంది, దాంతో బాణాల మధ్య కోణాలు మారిపోతాయి. ఏ రెండు లక్షణాలు కలిసి నడుస్తున్నాయో చదివేది ఆ కోణాలను బట్టే కాబట్టి, సాగిన మ్యాప్ తప్పు చెబుతుంది. ఎక్సెలే వాడాల్సి వస్తే రెండు అక్షాల హద్దులు ఒకేలా పెట్టి, చార్టును చదరంగా లాగండి.

బ్రాండ్ల మధ్య దూరాలు చూసి మురిసిపోకుండా, బ్రాండు నుంచి బాణం మీదికి లంబం వేసి చదవండి. క నుంచి చిక్కదనం బాణం మీదికి లంబం వేస్తే మధ్య నుంచి 0.7 పొడవున పడాలి కదా అని మీకు అనిపించవచ్చు, బాణం పొడవు అంతే కాబట్టి. అది తప్పు. లంబం బాణం కొన దాటి కూడా పడవచ్చు. అసలు లెక్క: ఆ బ్రాండు రెండు అంకెలను బాణం రెండు అంకెలతో గుణించి కలపడం. ఇక్కడ బాణాల అంకెలన్నీ 0.5 లేదా −0.5. కాబట్టి క చిక్కదనం 1.6 × 0.5 + 0.8 × 0.5 = 1.2. రెండో పట్టికలో ఉన్నది 1.1. మ్యాప్ దాదాపు నిజమే చెబుతోందన్నమాట. ఇలా ఒకటి రెండు గళ్లు సరిచూసి అసైన్‌మెంటులో చూపిస్తే, మీకు మ్యాప్ చదవడం వచ్చని సార్‌కు తెలుస్తుంది.

సార్ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబుంది. అడ్డ అక్షం కుడివైపు చిక్కదనం, నమ్మకం. ఎడమవైపు ధర, దొరకడం. అంటే కుడివైపు పాల గుణం, ఎడమవైపు కొనడంలో సౌలభ్యం. నిలువు అక్షం మొదట వింతగా కనిపిస్తుంది. పైన చిక్కదనం, ధర. కింద నమ్మకం, దొరకడం. కొంచెం ఆలోచిస్తే పైన ఉన్నవి రెండూ ఇచ్చిన డబ్బుకు గిన్నెలో పడ్డ పాలకు సంబంధించినవి. కింద ఉన్నవి రెండూ కంపెనీ పేరుకు, దాని పంపిణీకి సంబంధించినవి. నేనైతే నిలువు అక్షానికి "గిన్నెలో పాలు, బోర్డు మీద పేరు" అని రాస్తాను. మీ సార్ కాస్త గంభీరమైన పేరు అడగవచ్చు. ఏ పేరైనా పెట్టండి గానీ, బాణాలు చూశాకే పెట్టండి. ముందే "నాణ్యత, ధర" అని అనుకుని అక్షాలకు అంటించకండి.

ఇక్కడే పెద్ద జాగ్రత్త ఒకటి ఉంది. ఈ మ్యాప్ మీద గ బ్రాండు నమ్మకం లెక్క కట్టండి. 0.8 × 0.5 + (−0.4) × (−0.5) = 0.6. చ బ్రాండుకు 0.4. అంటే మ్యాప్‌లో గ బ్రాండే నమ్మకం వైపు ఎక్కువ ఉంది! కానీ మొదటి పట్టికలో నమ్మకానికి చ బ్రాండుకు 6.3, గ బ్రాండుకు 4.3. ఇందులో తికమక లేదు. గ బ్రాండును జనం ఎక్కువగా నమ్మడం లేదు. ఆ బ్రాండు మీద ఉన్న కొద్దిపాటి మంచి అభిప్రాయంలో నమ్మకం వాటా పెద్దది, అంతే. మనం పొర ఒలిచేసినప్పుడు "ఎంత నచ్చింది" అన్నది కావాలనే పారేశాం, కాబట్టి అది మ్యాప్‌లో వెతికితే దొరకదు. దాన్ని వెనక్కి తేవాలంటే ఒక్కో చుక్కను వరుస సగటును బట్టి పెద్దగా చిన్నగా గీయండి. 5.7 ఉన్న చ పెద్ద వృత్తం, 3.7 ఉన్న గ, ట చిన్న వృత్తాలు. లేదా చుక్క పక్కనే ఆ సగటు రాయండి. ఇది లేకుండా మ్యాప్ ఇస్తే చూసేవాడు మొదటి నిమిషంలోనే తప్పుగా చదువుతాడు.

ట బ్రాండుకు 14 మందే మార్కులు వేశారన్నారు. మీరు అది దాచకుండా చెప్పడం మంచిదైంది. ఇలాంటి ఏడు మార్కుల ప్రశ్నలో జవాబుల చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 1.5 ఉందనుకుందాం. మీ అసలు ఫారాలతో మీరే లెక్కించండి, నేను ఉదాహరణకు తీసుకుంటున్నాను. 64 మంది వేసిన సగటులో పొరపాటు మోతాదు 1.5ను 8తో భాగిస్తే సుమారు 0.19. 14 మంది వేసిన సగటులో 0.40. రెండో పట్టికలో ట వరుస మళ్లీ చూడండి: −0.8, 0, 0.4, 0.4. చివరి రెండు అంకెలు ఆ పొరపాటు మోతాదుకు సమానం. మరో 14 మందిని అడిగితే అవి సున్నా కావచ్చు, 0.8 కావచ్చు. "ట పాలు పలచన" అన్న మాట వరకు కాస్త నిలబడుతుంది. "ట పాలు చవక, అంతటా దొరుకుతాయి" అనేది నిలబడదు.

దీన్ని మాటలతో కాకుండా చూపించే మార్గం ఉంది. ఫారాలను బేసి, సరి సంఖ్యల వారీగా రెండు కుప్పలు చేయండి. రెండింటికీ విడివిడిగా పై లెక్కంతా చేసి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టండి. మ్యాప్‌లను పోల్చవద్దు, అవి తిరగబడి ఇబ్బంది పెడతాయి, డబుల్ సెంటరింగ్ పట్టికలనే పోల్చండి. క బ్రాండు చిక్కదనం రెండు కుప్పల్లోనూ ఒకటికి అటూ ఇటూగా ఉంటే అది గట్టి విషయం. ట బ్రాండు ధర ఒక కుప్పలో 0.9, ఇంకో కుప్పలో −0.1 వస్తే, ఆ చుక్కను మ్యాప్‌లో బోలుగా గీసి కింద కారణం రాయండి.

ఇంకో అనుమానం మీకు రావచ్చు. కొందరు మొదటి నుంచీ ఉదారంగా 6, 7 వేసేవాళ్లు, కొందరు 4 దాటనివాళ్లు. వీళ్ల తేడా సరిచేయాలా? ఒక మనిషి ఉదారత ఆయన వేసే నాలుగు లక్షణాలకూ సమానంగా తోడవుతుంది కాబట్టి, వరుస సగటు తీసేసినప్పుడే అది పోతుంది. ట బ్రాండుకు మార్కులు వేసిన 14 మందీ ఉదారులే అయినా ఫరవాలేదు. కానీ ఒక షరతు ఉంది. వేసినవాళ్లు నాలుగు గళ్లూ నింపి ఉండాలి. ఎవరైనా చిక్కదనం గడి ఖాళీ వదిలి మిగతా మూడు నింపితే, ఆయన ఉదారత మూడు నిలువుల్లోకే పోయి లెక్క వంకర పోతుంది. అలాంటి ఫారంలో ఆ బ్రాండు వరుస మొత్తం పక్కన పెట్టేయడమే మేలు. ఎక్సెల్ `AVERAGE` ఖాళీ గళ్లను చెప్పకుండా దాటవేస్తుంది కాబట్టి, ముందు `COUNT`తో ఒక్కో నిలువులో ఎన్ని అంకెలున్నాయో చూసుకోండి.

ధర ప్రశ్న గురించి కూడా చెప్పాలి. మీరు "ధర గిట్టుబాటు" అని అడిగారు కాబట్టి 7 అంటే చవక. ఉత్త "ధర" అని అడిగి ఉంటే సగం మంది 7ను "చాలా ఖరీదు" అనుకుంటారు, సగం మంది "ధర విషయంలో చాలా బాగుంది" అనుకుంటారు. అప్పుడు రెండూ కలిసి సగటు 4 దగ్గర కూర్చుంటుంది, అందరూ ఒకేలా ఉన్నారన్న భ్రమ కలుగుతుంది. పట్టుకోవడం సులువే. ఒక్కో బ్రాండుకు ధర మార్కులు ఎలా విడిపోయాయో గీయండి. మధ్యలో ఒక గుట్టకు బదులు రెండు చివర్లా రెండు గుట్టలు కనిపిస్తే జనం ప్రశ్నను రెండు రకాలుగా అర్థం చేసుకున్నారన్నమాట. మీ దాంట్లో ప బ్రాండుకు 5.3, గ బ్రాండుకు 2.4 అని తేడా స్పష్టంగా వచ్చింది కాబట్టి ఆ గొడవ లేదనే అనుకుంటున్నాను. ఒకసారి చూడటం మాత్రం మానకండి.

అంతకంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది చిక్కదనం. ఏ ప్యాకెట్టు గురించి అడిగారు? మన దగ్గర టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, ఫుల్ క్రీమ్ పాలలో 6 ఉండాలని ఆహార భద్రతా నిబంధన. క బ్రాండు గురించి చెప్పినవాళ్ల మనసులో ఫుల్ క్రీమ్ ప్యాకెట్టు, ట బ్రాండు గురించి చెప్పినవాళ్ల మనసులో టోన్డ్ ప్యాకెట్టు ఉంటే, మీరు కొలిచింది బ్రాండ్ల తేడా కాదు, వెన్న తేడా. ధరకూ అదే వర్తిస్తుంది. ఫారంలో "అర లీటరు టోన్డ్ పాల ప్యాకెట్టు" అని రాసి ఉంటే సరే. రాయకపోతే, సమయం ఉంటే పది పదిహేను మందికి ఫోను చేసి "మీరు ఏ రంగు ప్యాకెట్టు గురించి చెప్పారు?" అని అడగండి. జనం రంగుతోనే గుర్తు పెట్టుకుంటారు. సమయం లేకపోతే ఈ పరిమితిని మ్యాప్ కిందే రాయండి, వెనక పేజీలో కాదు.

మళ్లీ సర్వే చేసే వీలుంటే హేలోను ఫారం దగ్గరే కొంత తగ్గించవచ్చు. మీ ఫారం బహుశా ఒక్కో బ్రాండుకు ఒక్కో పేజీ. క గురించి నాలుగు ప్రశ్నలు, తర్వాత గ గురించి నాలుగు. అలా అడిగితే మనిషి బ్రాండు మీద ఒక అభిప్రాయం పెట్టుకుని దాన్నే కిందికి లాక్కుపోతాడు. తిప్పి అడగండి. "చిక్కదనం" అని పైన రాసి, కింద అయిదు బ్రాండ్లకూ మార్కులు వేయించండి. అప్పుడు ఆయన బ్రాండ్లను ఒకదానితో ఒకటి పోల్చక తప్పదు. "తెలియదు" అనే గడి తప్పకుండా పెట్టండి. కొట్లో చూసిన ఆవిడకు ఆ గడి ఉండి ఉంటే నాలుగు మూళ్లు వచ్చేవి కావు. మాట కూడా జనానిదే వాడండి. మన ఇళ్లలో చిక్కదనాన్ని కొలిచేది మీగడతో, తోడు గట్టిగా పడటంతో, చాయ్ రంగుతో. "పెరుగు గట్టిగా తోడుకుంటుంది" అని అడిగితే వచ్చే జవాబుకు, "చిక్కదనం" అని అడిగితే వచ్చేదానికి తేడా ఉంటుందని నా అనుభవం. మొదటిది వంటింట్లో చూసిన జ్ఞాపకం, రెండోది ప్రకటనల్లో విన్న మాట.

చివరగా, అసైన్‌మెంటులో అందరూ రాసే వాక్యం ఒకటుంది: "మ్యాప్‌లో ఈ చోటు ఖాళీగా ఉంది, కాబట్టి ఇక్కడ కొత్త బ్రాండుకు అవకాశం ఉంది." మీ మ్యాప్‌లో పైన నడిమధ్య, అంటే (0, 0.8) దగ్గర ఎవరూ లేరు. చిక్కగానూ, చవకగానూ ఉండే పాలన్నమాట. రాయాలని చెయ్యి లాగుతుంది. రాసే ముందు ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉందో అడగండి. డెయిరీ పల్లెలో రైతుకు డబ్బు కట్టేది పాలలో వెన్న, వెన్న కాని ఘనపదార్థాలు చూసే. వెన్న పెరిగితే కొనుగోలు ధర పెరుగుతుంది, ప్యాకెట్టు ధరా పెరుగుతుంది. ఆ ఖాళీ ఎవరూ గమనించక మిగిలింది కాకపోవచ్చు, గిట్టుబాటు కాక మిగిలింది కావచ్చు. పైగా ఆ చోట కొనేవాళ్లు ఉన్నారో లేరో ఈ నాలుగు ప్రశ్నలు చెప్పవు, అందుకు "ఏది కొంటారు" అన్న ప్రశ్న వేరే కావాలి. అది మీ ఫారంలో ఉన్నా, మ్యాప్ మీద కొనుగోలు దిశను బాణంగా గీసే ముందు ఒకటి గుర్తుంచుకోండి. అయిదు చుక్కల మీద రెండు అక్షాలతో రిగ్రెషన్ వేస్తే, స్థిరాంకంతో కలిపి మూడు అంకెలు అంచనా వేయడానికి అయిదు అంకెలు వాడినట్టు. ఆ బాణం ఏ వైపుకైనా తిరగగలదు. నేనైతే గీయను.

మీకు ఇప్పుడు చేతిలో ఉన్నదాంతో రాయదగ్గది క బ్రాండు కథ. చిక్కదనంలో 1.1, దొరకడంలో −1.3. పాలు మార్చాల్సిన పని లేదు, బండి మార్చాలి. ఆ బ్రాండు ఏ వీధుల్లో దొరకడం లేదో మీ 64 ఫారాల్లో చిరునామా గడి ఉంటే వీధుల వారీగా విడదీసి చూడండి. ప్రకాశం బజారులో వాళ్లు 5 వేసి, ఊరి చివరి కాలనీల వాళ్లు 2 వేసి ఉంటే, ఆ రెండు అంకెలనూ మ్యాప్ పక్కన ఒక చిన్న పట్టికగా పెట్టండి.